ఒక మూట గుండ్రంగా తిరగాలంటే దారం ఆరు మూటల బరువు మోయాలి

ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్సులో నిలువు వృత్తం పాఠం అయ్యాక పిల్లలకు మూడు సూత్రాలు నోటికొస్తాయి: పైన కనీస వేగం √(gr), కింద కనీస వేగం √(5gr), కింద తన్యత 6mg. ఎంట్రన్సు పరీక్షకు అవి చాలు. కానీ కడపలో నా దగ్గరికి ట్యూషన్‌కొచ్చే పిల్లల్లో ఎవరో ఒకరు ప్రతి ఏడూ ఇదే అడుగుతారు: "సార్, పైదాకా ఎక్కాలంటే 4gr చాలు కదా, మరి 5gr ఎందుకు?" మంచి ప్రశ్న. దీనికి జవాబు దొరికితే మిగతా రెండు సూత్రాలు వాటంతటవే వస్తాయి. ఆ జవాబును కాగితం మీద రాబట్టి, తర్వాత మిద్దె మీద ఒక జొన్నల మూట, కుట్టు దారంతో సరిచూసుకునే పద్ధతి ఇది.

అంకెలు ముందే అనుకుందాం. మూట బరువు 200 గ్రాములు, అంటే m = 0.2 కేజీ. ఇరుసు మధ్య నుంచి మూట మధ్యకు 80 సెంటీమీటర్లు, అంటే r = 0.8 మీటర్లు. g విలువ 9.8. అప్పుడు gr సరిగ్గా 7.84 అవుతుంది, దాని వర్గమూలం 2.8. ఈ పొడవు ఎంచుకున్నది అందుకే, లెక్క శుభ్రంగా వస్తుంది. (కడపలో అసలు g దాదాపు 9.78. ఆ తేడా మన దారం ముడుల తేడా ముందు లెక్కలోకే రాదు.)

మొదటి మెట్టు: పైన ఏం జరుగుతోందో చూడండి

మూట వృత్తంలో అన్నిటికన్నా పై బిందువు దగ్గరుంది. దాని మీద బలాలు రెండే. భూమి కిందికి లాగుతోంది: mg. దారం ఇరుసు వైపు లాగుతోంది. ఇరుసు ఉన్నది కిందనే కాబట్టి ఆ లాగుడు, అంటే తన్యత T కూడా కిందికే. రెండూ ఒకే వైపు. వృత్తంలో తిప్పడానికి కావలసిన అభికేంద్ర బలం ఈ రెంటి మొత్తం:

T + mg = mv²/r

చాలామంది ఇక్కడే T − mg అని రాస్తారు. కింది బిందువు బొమ్మ మనసులో ఉండిపోయి, దారం ఎప్పుడూ పైకే లాగుతుందనుకోవడం వల్ల వచ్చే పొరపాటు అది. దారం లాగేది ఎప్పుడూ ఇరుసు వైపే.

ఇప్పుడు వేగం తగ్గిస్తూ పోండి. కుడి పక్క తగ్గుతుంది. ఎడమ పక్క mg మారదు కాబట్టి T తగ్గాలి. చివరికి T సున్నా అవుతుంది. అంతకన్నా వేగం తగ్గితే సమీకరణం T రుణాత్మకం కావాలంటుంది, అంటే దారం మూటను బయటికి నెట్టాలి. దారానికి నెట్టడం చేతకాదు. అది వదులైపోతుంది, మూట వృత్తాన్ని వదిలేస్తుంది. కాబట్టి హద్దు T = 0 దగ్గర:

v² = gr, మన మూటకు v = 2.8 మీటర్లు సెకనుకు.

ఆ క్షణంలో మూట పడట్లేదని అనుకోకండి. పడుతూనే ఉంది. దాని పడిపోవడం అంతా దారిని వంచడానికే సరిగ్గా సరిపోతోంది, అంతే. లెక్కలో ద్రవ్యరాశి లేదు, గమనించండి. రెండు వందల గ్రాములైనా రెండు కేజీలైనా పైన కావలసిన వేగం ఒక్కటే.

రెండో మెట్టు: 4gr ఎక్కడ నుంచి వచ్చింది, ఎందుకు చాలదు

కింద నుంచి పైకి ఎత్తు 2r. దారం లాగుడు ఎప్పుడూ మూట కదిలే దిశకు అడ్డంగానే, అంటే లంబంగానే ఉంటుంది కాబట్టి అది పని చేయదు. శక్తి లెక్కలో భూమి ఒక్కటే మిగులుతుంది:

కింద v² = పైన v² + 4gr

పైన వేగం సున్నా అని పెడితే కింద v² = 4gr. "పైదాకా ఎక్కడానికి 4gr చాలు" అన్న పిల్లవాడు వేసిన లెక్క ఇదే. దారం బదులు గట్టి ఇనుప కమ్మీ అయితే అతను చెప్పింది నిజం. కమ్మీ మూటను బయటికి నెట్టగలదు కాబట్టి పైన మూట ఆగిపోయేంత నెమ్మదిగా వచ్చినా పట్టుకుంటుంది. దారానికి ఆ శక్తి లేదు. పైన కనీసం gr ఉండాలని మొదటి మెట్టులో తేలింది. అందుకే:

కింద v² = gr + 4gr = 5gr = 39.2, v = 6.26 మీటర్లు సెకనుకు.

4gr తోనే విసిరితే ఏమవుతుందో లెక్క వేయడం అసలైన రుచి. దారం వదులయ్యే చోటు, ఇరుసు ఎత్తు కన్నా పైన φ కోణంలో ఉందనుకోండి. అక్కడ దారం దిశలో mg భాగం mg sin φ. T = 0 కావాలంటే v² = gr sin φ. శక్తి లెక్క ప్రకారం అక్కడ v² = (కింద v²) − 2gr − 2gr sin φ. రెంటినీ కలిపితే:

sin φ = (కింద v² − 2gr) / 3gr

కింద v² = 4gr అయితే sin φ = 2/3, కోణం సుమారు 42 డిగ్రీలు. అంటే మూట ఇరుసు కన్నా 53 సెంటీమీటర్ల పైదాకా వృత్తంలో వస్తుంది, అక్కడ దారం వదిలేస్తుంది. ఆ క్షణంలో మూట వేగం 2.29 మీటర్లు, ఆగిపోలేదు. విసిరిన రాయిలా వంపు తిరిగి లోపలికి పడుతుంది, పడి దారం బిగిసిన చోట ఒక్క కుదుపు ఇస్తుంది. ఆ కుదుపు సంగతి ముందు ముందు చాలా పని పెడుతుంది.

మూడో మెట్టు: కింద తన్యత

కింది బిందువు దగ్గర ఇరుసు పైన ఉంది, కాబట్టి దారం పైకి, భూమి కిందికి. ఇక్కడ గుర్తు మారాలి: T − mg = mv²/r.

v² = k × gr అని రాసుకుంటే T = (1 + k)mg. ఈ ఒక్క వరస గుర్తుంచుకుంటే చాలు. మూటను ఇరుసు ఎత్తులో అడ్డంగా పట్టుకుని వదిలేస్తే k = 2, కింద దారం మీద 3mg. పై దాకా గుండ్రంగా తిరగాలంటే k = 5, కింద 6mg. మన మూటకు అది 11.76 న్యూటన్లు, అంటే 1.2 కేజీల బరువు వేలాడినంత. పొడవు ఈ లెక్కలో లేదు. 80 సెంటీమీటర్ల దారానికీ 3 మీటర్ల దారానికీ ఇదే.

ఇంకా వేగంగా విసిరితే? కింద 7 మీటర్లు అనుకోండి. కింద T = 0.2 × (9.8 + 49/0.8) = 14.21 న్యూటన్లు. పైన v² = 49 − 31.36 = 17.64, అక్కడ T = 0.2 × (22.05 − 9.8) = 2.45 న్యూటన్లు. రెంటి తేడా మళ్ళీ 11.76, అంటే 6mg. ఎంత వేగంగా విసిరినా ఈ తేడా మారదు.

ఇందులో నుంచి ఒక మాట బయటికొస్తుంది, దాన్నే మిద్దె మీద పరీక్షించబోతున్నాం. ఆరు మూటల బరువును కదలకుండా వేలాడదీస్తే తెగిపోయే దారంతో, ఒక్క మూటను స్వేచ్ఛగా పూర్తి చుట్టు తిప్పడం సాధ్యం కాదు. మెల్లగా విసిరితే పైకి చేరదు, గట్టిగా విసిరితే కిందే తెగుతుంది. మధ్య దారి లేదు.

నాలుగో మెట్టు: ఇరుసు

చేత్తో పట్టుకుని తిప్పితే ఈ లెక్క పనికిరాదు. చేయి తెలియకుండానే పైన కొంచెం లాగి, కింద కొంచెం వదిలి వేగాన్ని సమం చేస్తుంది. వేగం అన్ని చోట్లా ఒకటే అయితే కిందికీ పైకీ తేడా 2mg మాత్రమే. చేత్తో చెంబు నీళ్ళు తిప్పినప్పుడు దారం తెగకపోవడానికి ఇదీ ఒక కారణం. మనకు కావలసింది శక్తి ఇవ్వని ఇరుసు.

మేకు పనికిరాదు, దారం దానికి చుట్టుకుని ప్రతి చుట్టుకూ పొట్టిదైపోతుంది. సైకిల్ షాపులో పాత ముందు చక్రం హబ్బు అడిగి తెచ్చుకోండి. ఒక గట్టి చెక్క పలకకు చిల్లు పెట్టి, హబ్బు యాక్సిల్ ఒక కొనను రెండు పక్కలా నట్లు వేసి బిగించండి. ఆ పలకను మిద్దె మీద బట్టలారేసే ఇనుప స్తంభానికి కట్టుతీగతో కదలకుండా కట్టండి. హబ్బు బయటికి పొడుచుకుని ఉండాలి, లేకపోతే దారం స్తంభానికి తగులుతుంది. బేరింగులో ఒక చుక్క నూనె వేసి, వేలితో తిప్పితే ఆగకుండా తిరుగుతోందో లేదో చూడండి. గరగరమంటే కోన్ నట్టు కొంచెం వదులు చేయాలి.

హబ్బు బయటి అంచులోని స్పోకు చిల్లులో పురికొస కట్టండి. నైలాన్ తాడు వద్దు, అది సాగుతుంది, r మారిపోతుంది. పురికొస చివర అయిదు సెంటీమీటర్ల కుట్టు దారం ముక్క, దాని చివర మూట. తెగాల్సింది ఆ చిన్న ముక్క మాత్రమే, కరెంటు డబ్బాలో ఫ్యూజు లాగా.

మూటకు రాయి పెట్టొద్దు. గట్టి గుడ్డలో జొన్నలు పోసి, గుడ్డతో కలిపి సరిగ్గా 200 గ్రాములు తూచి కుట్టేయండి. గంటకు ఇరవై రెండు కిలోమీటర్ల పైనే పోయే వస్తువు ఇది, మెత్తగా ఉండటమే మేలు. మూట అడుగు నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తులో వేలాడేలా హబ్బు ఎత్తు సర్దుకోండి. చూసేవాళ్ళు పక్కన నిలబడాలి. మూట తిరిగే తలంలో, అది ఎగిరిపోయే దారికి ముందుగానీ వెనకగానీ ఎవరూ ఉండకూడదు. పిట్టగోడ దాటి వీధిలో పడేంత దగ్గరగా మాత్రం కట్టకండి.

అయిదో మెట్టు: దారం ఎంత మోస్తుందో ముందు తేల్చండి

రీలు మీద రాసిన నంబరు చూసి నమ్మకండి. రెండు లీటర్ల కూల్ డ్రింకు బాటిల్ మెడకు మీరు వాడబోయే దారం ముక్కనే, అదే ముడులతో కట్టి వేలాడదీయండి. ముడి దగ్గర దారం బలం బాగా తగ్గుతుంది, కాబట్టి ముడి లేకుండా చేసిన పరీక్షకు అర్థం లేదు. గ్లాసుతో నీళ్ళు మెల్లగా పోయండి. తెగగానే బాటిల్‌ను నీళ్ళతో సహా తూచండి. అదే దారం ముక్కలు నాలుగైదు ఇలా తెంపి చూస్తే, అంకెలు ఒకదానికొకటి కొంచెం తేడాగా వస్తాయి. అన్నిటికన్నా తక్కువదీ ఎక్కువదీ రాసిపెట్టుకోండి, సగటు కన్నా ఆ రెండే పనికొస్తాయి.

ఒంటి పేట, రెండు పేటలు, మూడు పేటలు, విడివిడిగా తెంపి చూడండి. రెండు పేటలు వేస్తే బలం సరిగ్గా రెండింతలు కాదు, ఒక పేట కాస్త బిగువుగా ఉండి ముందు తెగుతుంది. బాటిల్ తాడు కడప బండ అంచు మీద ఆనకుండా చూసుకోండి. పాలిష్ లేని అంచు రంపంలా కోస్తుంది, ఆ అంకె తప్పుడు అంకె.

మీకు కావలసినవి మూడు రకాల దారాలు: 600 గ్రాముల లోపు తెగేది, 900 గ్రాముల ప్రాంతంలో తెగేది, కేజీన్నర పైన ఆగేది.

ఆరో మెట్టు: విసరకుండా మొదటి పరీక్ష

మొదట విసరొద్దు. మూటను ఇరుసు ఎత్తులో, దారం బిగువుగా అడ్డంగా పట్టుకుని ఊరికే వదలండి. చేయి నెట్టకపోతే k సరిగ్గా 2. కింద 3mg, అంటే 600 గ్రాముల బరువు. 600 లోపు తెగే దారం ఇక్కడే, కింది బిందువు దగ్గర్లో తెగాలి. 900 గ్రాములది ఆగాలి. ఈ పరీక్షలో మీ చేతి తప్పు దాదాపు ఏమీ ఉండదు కాబట్టి, ఇక్కడే లెక్క తప్పితే హబ్బునో ముడినో సరిచూసుకోవాలి, ముందుకు పోకూడదు.

ఇరుసు కన్నా ఎత్తు నుంచి వదిలి ఎక్కువ వేగం తెద్దామని ఒకరిద్దరు అనుకుంటారు. అక్కడ వదిలితే దారం వదులవుతుంది, మూట నేరుగా కిందికి పడి కుదుపుతో బిగుస్తుంది. ఆ కుదుపులో తన్యత ఎంతో ఈ లెక్క చెప్పదు.

ఏడో మెట్టు: విసిరే పరీక్ష

ఇప్పుడు 900 గ్రాముల దారం. మూటను కొంచెం వెనక్కి తీసుకుని, చేత్తో వంపు వెంబడి తోసి, సరిగ్గా కిందికొచ్చే ముందు వదలండి. మెల్లగా మొదలుపెట్టి, ప్రతిసారీ కొంచెం గట్టిగా. 900 గ్రాములు అంటే 4.5mg, కాబట్టి k = 3.5. లెక్క ప్రకారం కింద వేగం 5.24 మీటర్లు దాటితే తెగాలి. ఆ వేగంతో వెళ్ళిన మూట, తెగకపోతే, ఎక్కడ వదులవుతుంది? sin φ = (3.5 − 2)/3 = సగం, 30 డిగ్రీలు. అంటే ఇరుసు కన్నా 40 సెంటీమీటర్ల పైన. ఈ దారంతో మూట ఆ ఎత్తు దాటి దారం బిగువుగా పోవడం మీరు చూడకూడదు. చూస్తే మీ దారం 900 కన్నా ఎక్కువ మోస్తోందని అర్థం.

వెనక గోడ మీద ఇరుసు ఎత్తుకు 40, 53, 80 సెంటీమీటర్ల పైన సుద్దముక్కతో గీతలు గీసి, ఫోన్‌లో స్లో మోషన్ పెట్టండి. ఫోన్ ఇరుసు ఎత్తులోనే, నాలుగైదు మీటర్ల దూరాన స్టాండు మీద ఉండాలి. దగ్గర పెడితే గీతలు అసలు చోటు కన్నా పక్కకు కనబడి ఎత్తు తప్పుగా చదువుతారు. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ అయితే, హద్దు వేగంతో మూట పైన ఒక ఫ్రేముకు సుమారు 1.2 సెంటీమీటర్లు, కింద 2.6 సెంటీమీటర్లు కదలాలి. పది ఫ్రేములు లెక్కపెట్టి పదితో భాగిస్తే కంటి తప్పు తగ్గుతుంది.

వీడియో అసలు పని మాత్రం వేగం కొలవడం కాదు, దారం ఎక్కడ తెగిందో చూడడం. పైన వదులైన మూట పడి బిగిసినప్పుడు టప్‌మని తెగుతుంది. ఉత్త కంటితో చూసిన పిల్లలు "కింద తెగింది సార్, 6mg" అని రాసేస్తారు. వీడియోలో చూస్తే తెగే ముందు దారం వంకరగా వేలాడి కనబడుతుంది. అలాంటి విసురు లెక్కలోకి రాదు, పక్కన పెట్టేయాలి. కింది బిందువు దగ్గర, దారం నిటారుగా ఉండగా తెగిందే మనకు పనికొచ్చేది.

ఫోన్ లేకపోయినా ఒక దారి ఉంది. నేల మీద ముగ్గుపిండి పలచగా చల్లండి. కింది బిందువు దగ్గర తెగిన మూట, తెగిన చోట వృత్తానికి స్పర్శరేఖ వెంట, అంటే నేలకు సమాంతరంగా బయల్దేరుతుంది. 70 సెంటీమీటర్లు పడటానికి 0.378 సెకన్లు పడుతుంది. ఇరుసు కింద నేల మీద గుర్తు నుంచి మూట మొదట పడిన మచ్చ దాకా కొలిచి 0.378తో భాగిస్తే వేగం. 5.24 మీటర్ల దగ్గర తెగితే మచ్చ సుమారు 1.98 మీటర్ల దూరాన ఉంటుంది. దొర్లిన చోటు కాదు, పిండిలో మొదటి మచ్చ చూడాలి. మచ్చ ఇంకా దూరంగా ఉంటే, చాలాసార్లు కారణం వేగం కాదు, కింది బిందువు దాటాక తెగి మూట కొంచెం పైకి పోయి ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: పూర్తి చుట్టు

కేజీన్నర పైన ఆగే దారం కట్టి, గట్టిగా విసరండి. పై గీత దగ్గర దారం నిటారుగా ఉందా, ఒక్క ఫ్రేములోనైనా వంగిందా చూడండి. నిటారుగా ఉండే విసుర్లలో అన్నిటికన్నా మెల్లనిది ఎంచుకుని పైన వేగం కొలిస్తే అది 2.8కి కొంచెం పైనే ఉండాలి. కింద కొలిచినది 6.26 కన్నా రవ్వంత ఎక్కువ రావచ్చు. బేరింగు రాపిడి, గాలి కలిసి తినేది ఆ రవ్వంత.

మొదటి చుట్టు మాత్రమే లెక్కకు తీసుకోండి. హద్దు వేగంతో బయల్దేరిన మూట రెండో చుట్టులో పైకి చేరదు. శక్తి కొంచెం పోయి ఉంటుంది, హద్దు దగ్గర ఆ కొంచెమే చాలు. రెండో చుట్టులో దారం వదులైందని సూత్రం తప్పని రాయకండి.

కింద కొలిచిన వేగం 6.26 కన్నా బాగా ఎక్కువ, 6.8 లాంటిది వస్తూ పైన మాత్రం 2.8 చుట్టూనే ఉంటే హబ్బు బిగుసుకుందని అర్థం. లెక్క ప్రకారం 6.8తో బయల్దేరితే పైన 3.86 ఉండాలి. అంత తేడాను గాలి మీదికి నెట్టేయకుండా కోన్ నట్టు మళ్ళీ విప్పి చూడండి. కింద 6.26 కన్నా తక్కువ కొలిచినా మూట బిగువుగా పూర్తి చుట్టు తిరిగిందంటే అది అసాధ్యం కాబట్టి, r తప్పుగా కొలిచి ఉంటారు. కొలత మూట అడుగు దాకా తీసి ఉండొచ్చు, అప్పుడు అసలు r 80 సెంటీమీటర్ల కన్నా తక్కువ. కొలవాల్సింది యాక్సిల్ మధ్య నుంచి మూట మధ్యకు.